యూట్యూబ్ డబ్బులు: గంటలు ఎందుకు తగ్గుతాయి, పిన్ ఉత్తరం ఎందుకొస్తుంది, అమెరికా పన్నుతో మనకేం పని? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మాకు చిన్న ఎడిటింగ్ షాపు ఉంది. పెళ్లి వీడియోలు అసలు పని. నాలుగైదేళ్లుగా మాత్రం వీడియో కట్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లకంటే ఫోన్ చేతికిచ్చి "అన్నా, ఇదేంటో చూడు" అనేవాళ్లే ఎక్కువయ్యారు. వంట ఛానళ్ల అక్కలు, దర్శనం టికెట్ల సమాచారం చెప్పే కుర్రాళ్లు, చిత్తూరు వైపు నుంచి మామిడి, పాడి రైతులు. అందరి ప్రశ్నలూ తిరిగి తిరిగి అవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ చెప్పేదంతా యూట్యూబ్ గురించే. ఇన్‌స్టాలో యాభై వేల మంది ఫాలోవర్లున్నా ఆ లెక్క ఇక్కడ చెల్లదు.

వెయ్యి మంది కావాలని ఒకరంటారు, 500 మంది చాలని ఇంకొకరంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, కాకపోతే రెండూ వేర్వేరు మెట్లు.

మొదటి మెట్టుకు 500 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు వీడియోలు పబ్లిక్‌గా పెట్టి ఉండాలి. వీటితోపాటు గడిచిన 12 నెలల్లో 3,000 గంటల వాచ్ టైమ్, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్ మీద 30 లక్షల వ్యూస్. ఈ మెట్టెక్కితే మీ వీడియోల మీద వచ్చే యాడ్స్‌లో మీకు వాటా రాదు. చూసేవాళ్లు ఇష్టపడి ఇచ్చే డబ్బులు, అంటే ఛానల్ మెంబర్‌షిప్, సూపర్ చాట్, సూపర్ థ్యాంక్స్ లాంటివి మాత్రం తీసుకోవచ్చు. మన వైపు చిన్న ఛానళ్లకు అలా డబ్బులిచ్చేవాళ్లు తక్కువ. అందుకే ఈ మెట్టెక్కి కూడా "ఇంకా ఏమీ రాలేదన్నా" అంటారు.

రెండో మెట్టు అందరూ చెప్పుకునేది. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటలు, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్ మీద కోటి వ్యూస్. యాడ్స్ డబ్బులు ఇక్కడి నుంచే మొదలు. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్ ఆదాయంలో 55 శాతం మీది. షార్ట్స్‌లో మీ వ్యూస్ వాటాకు పడిన మొత్తంలో 45 శాతం.

అంకెలు దాటినంత మాత్రాన కూడా తలుపు తెరుచుకోదు. గూగుల్ అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ అయి ఉండాలి, ఛానల్ మీద కమ్యూనిటీ స్ట్రైక్ ఉండకూడదు. టూ స్టెప్ అనేది రెండు నిమిషాల పని. దాన్ని చేసుకోక నెల రోజులు ఆగిపోయినవాళ్లను నేను చూశాను.

నాలుగు వేల గంటలంటే ఎన్ని వ్యూస్?

మీ వీడియోను ఒక్కొక్కరు సగటున ఎంతసేపు చూస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. సగటున నాలుగు నిమిషాలు చూస్తే ఏడాదికి 60,000 వ్యూస్, అంటే రోజుకు 165 దాకా. రెండు నిమిషాలకే వెళ్లిపోతుంటే దానికి రెట్టింపు కావాలి. ఈ సగటు స్టూడియోలో `Average view duration` అని కనిపిస్తుంది. వ్యూస్ అంకె చూసి మురిసిపోయే ముందు దీన్ని చూడండి. మూడు లక్షల వ్యూస్ వచ్చిన వీడియో ఉన్నా గంటలు కదలని ఛానల్ ఒకటి మా షాపుకొచ్చింది. తెరిచి చూస్తే ఆ వీడియో 40 సెకన్లది, షార్ట్.

నిన్న 3,700 గంటలున్నాయి, ఇవాళ 3,691. నా గంటలు ఎవరు కొట్టేశారు?

మా షాపులో ఎక్కువగా వినపడేది ఇదే. ఎవరో రిపోర్ట్ కొట్టారని, పోటీ ఛానల్ వాడి పని అని, అన్నీ అనుమానాలే. ఎవరూ కొట్టేయలేదు. మీ గంటలకు ఏడాది నిండింది, అంతే.

4,000 గంటలు అనేది ఛానల్ పుట్టినప్పటి నుంచి కూడబెట్టే లెక్క కాదు. ఇవాళ్టి నుంచి వెనక్కి 365 రోజులు. రేపు అదే కిటికీ ఒక రోజు ముందుకు జరుగుతుంది. కొత్తగా ఒక రోజు గంటలు లోపలికొస్తాయి, నిరుడు అదే రోజువి బయటికి పోతాయి. లోపలికొచ్చేవి తక్కువై పోయేవి ఎక్కువైతే మొత్తం తగ్గుతుంది.

గుడిపాల వైపు నుంచి ఒక పాడి రైతు కుర్రాడు వస్తాడు. ఆవుల దాణా, దూడల పెంపకం మీద వీడియోలు చేస్తాడు. సబ్‌స్క్రైబర్లు 1,400 దాటారు. జూన్ నెలాఖరున అతని గంటలు 3,700. రోజుకు 15 గంటలు వస్తున్నాయి కాబట్టి ఇంకో 20 రోజుల్లో 4,000 దాటేస్తానని లెక్క వేసుకున్నాడు. జూలై మొదటి వారంలో మొహం వేలాడేసుకుని వచ్చాడు. రోజూ తొమ్మిదేసి గంటలు తగ్గుతున్నాయి.

ఎనలిటిక్స్‌లో నిరుటి జూలై తెరిచి చూశాం. ఆవుల పొదుగువాపు మీద అతను చేసిన వీడియో ఒకటి ఆ వానాకాలంలో బాగా తిరిగింది. జూలై, ఆగస్టు రెండు నెలల్లోనే 1,500 గంటలు వచ్చాయి. 62 రోజులకు పంచితే రోజుకు సుమారు 24. ఇప్పుడు ఆ రెండు నెలలు కిటికీ అవతలికి జారుతున్నాయి. రోజుకు 24 పోతూ 15 వస్తే తొమ్మిది లోటు. ఇలాగే సాగితే జూలై చివరికి 3,420 దగ్గరికి దిగుతుందని కాగితం మీద రాసిచ్చాను. అలాగే దిగింది.

ఆ లెక్కలోనే రెండో సగం కూడా ఉంది. నిరుటి జూలై, ఆగస్టు తీసేస్తే మిగతా పది నెలల్లో అతనికి వచ్చింది 2,200 గంటలే, రోజుకు ఏడు. అంటే సెప్టెంబరు వచ్చిందంటే బయటికి పోయేవి రోజుకు ఏడే. ఆగస్టులో గట్టిగా నిలబడితే చాలు. అతను అదే పొదుగువాపు మీద మరో రెండు పెద్ద వీడియోలు చేశాడు. పశువుల డాక్టరును పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు లైవ్ కూడా పెట్టాడు. రోజుకు 30 గంటలకు చేరింది. ఆగస్టులో రోజుకు ఆరు చొప్పున పెరిగి నెలాఖరుకు 3,600 పైకి వచ్చింది. సెప్టెంబరులో 30 వస్తూ ఏడు పోతుంటే రోజుకు 23 లాభం. మిగిలిన 390 చిల్లర గంటలకు 17 రోజులు పట్టింది. సెప్టెంబరు 18న అప్లై చేశాడు.

మీరూ ఇలాగే చూసుకోవచ్చు. ఎనలిటిక్స్‌లో తేదీలు మార్చి, నిరుడు ఇదే నెలలో ఎన్ని గంటలు వచ్చాయో చూడండి. మీకు ఎదురుగా ఉన్న గండం అదే. తిరుపతిలో దర్శనం సమాచారం చెప్పే ఛానళ్లకు ఈ గండం ఏటా బ్రహ్మోత్సవాల తర్వాత తప్పదు. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన గంటలు సరిగ్గా ఏడాదికి జారిపోతాయి.

ఎనలిటిక్స్‌లో 4,300 గంటలు చూపిస్తోంది, `Earn` పేజీలో 3,500 అంటోంది. ఏది నమ్మాలి?

`Earn` పేజీని. ఎనలిటిక్స్ అన్ని గంటలూ చూపిస్తుంది. `Earn` పేజీ చెల్లే గంటలు మాత్రమే లెక్కపెడుతుంది.

షార్ట్స్ ఫీడ్‌లో చూసినవి 4,000 గంటల్లోకి రావు. ఎక్కువమందికి తేడా వచ్చేది ఇక్కడే. ప్రైవేట్, అన్‌లిస్టెడ్ వీడియోలు, డిలీట్ చేసినవి లెక్కలో ఉండవు. డబ్బులు కట్టి యాడ్‌గా నడిపించిన వీడియోను జనం యాడ్‌గా చూసిన సమయం కూడా రాదు. లైవ్ పెట్టినప్పుడు దాన్ని తర్వాత కూడా పబ్లిక్‌గా ఉంచితేనే ఆ గంటలు నిలుస్తాయి. వంట ఛానల్ అక్క ఒకామె పాత వీడియోల్లో వెలుతురు బాగాలేదని, పరువు తక్కువగా ఉందని పన్నెండు వీడియోలు ఒకే రోజు ప్రైవేట్ చేసింది. మూడు రోజుల్లో 600 గంటలు పోయాయని పరిగెత్తుకొచ్చింది. అప్లికేషన్ పాసయ్యేదాకా పాత వీడియోల జోలికి పోవద్దని అందరికీ చెప్తుంటాను.

గంటలు, సబ్‌స్క్రైబర్లు అమ్ముతామని వాట్సాప్‌లో వస్తున్నాయి. కొనొచ్చా?

కొనొద్దు. వాళ్లు చూపించే గంటలు ఎనలిటిక్స్‌లో నాలుగు రోజులు కనిపిస్తాయి, తర్వాత యూట్యూబ్ వాటిని చెల్లనివిగా తీసేస్తుంది. ఒకవేళ పాసైనా, అలాంటి ట్రాఫిక్ యాడ్స్ మీద పడితే, గూగుల్ మీకు డబ్బులు పంపే యాడ్‌సెన్స్ అకౌంటే పోవచ్చు. "నువ్వు నాది కొట్టు, నేను నీది కొడతా" గ్రూపులూ అంతే. వాళ్లు సబ్‌స్క్రైబ్ చేస్తారు, వీడియో చూడరు.

అప్లై చేశాను. ఎన్నాళ్లు పడుతుంది, ఏం చూస్తారు?

సాధారణంగా నెలలోపు. ఈలోపు గంటలు 4,000 కంటే కిందికి జారినా కంగారు అక్కర్లేదు, దాటిన రోజు అప్లై చేశారు కాబట్టి చూస్తారు.

చూసేది మనుషులు కూడా. ప్రతి వీడియో చూడరు. ఛానల్ మొత్తం దేని గురించి, ఎక్కువమంది చూసినవి ఏవి, కొత్తగా పెట్టినవి ఏవి, గంటల్లో ఎక్కువ వాటా ఏ వీడియోలది, టైటిల్స్, థంబ్‌నెయిల్స్, ఛానల్ గురించి మీరు రాసుకున్న వివరణ, ఇవి చూస్తారు. కాబట్టి మీ గంటల్లో సగం ఒకే వీడియో నుంచి వచ్చి, ఆ వీడియో ఇంకొకరిదైతే మిగతా యాభై వీడియోలు మీ సొంతమైనా లాభం లేదు.

మన ఊళ్లో ఎక్కువ దెబ్బ తినేది భక్తి ఛానళ్లు. టీవీలో వచ్చిన వాహన సేవ ప్రసారం కత్తిరించి పెట్టేవాళ్లు, స్వామివారి ఫొటో ఒకటి పెట్టి దాని మీద వేరేవాళ్లు పాడిన కీర్తన నడిపించేవాళ్లు. కాపీరైట్ క్లెయిమ్ రాలేదు కదా అంటారు. క్లెయిమ్ వేరు, ఇది వేరు. అసలు యజమాని ఊరుకున్నా, ఆఖరికి అనుమతి ఇచ్చినా సరే, మీరు దానికి సొంతంగా ఏమీ కలపకపోతే దాన్ని రీయూజ్డ్ కంటెంట్ అంటారు, మానిటైజేషన్ ఇవ్వరు. ఒకే మూసలో గుట్టలు గుట్టలుగా తయారుచేసిన వీడియోలదీ ఇదే గతి. ఆ రూల్‌కు 2025 జూలైలో పేరు మార్చి ఇనాథెంటిక్ కంటెంట్ అన్నారు. రాశిఫలాలు పన్నెండు రాశులకు ఒకే బొమ్మలతో, ఒకే మాటలతో రోజూ పన్నెండు వీడియోలు పెట్టేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదువుకోవాలి.

అదే వాహన సేవను మాడ వీధిలో నిలబడి మీ గొంతుతో, ఏ రోజు ఏ వాహనం, ఎక్కడ నిలబడితే కనిపిస్తుంది అని చెప్తే అది మీ వీడియో. మొహం చూపించాలన్న రూల్ లేదు.

రిజెక్ట్ అయింది. ఇప్పుడేం చేయాలి?

మొదటిసారైతే 30 రోజుల తర్వాత మళ్లీ అప్లై చేయొచ్చు. రెండోసారి నుంచి 90 రోజులు ఆగాలి. నిర్ణయం తప్పనిపిస్తే 21 రోజుల్లోపు అప్పీల్‌కు వెళ్లొచ్చు. మీ వీడియోలు నిజంగా మీవే అయితే అప్పీల్ వేయండి. షూటింగ్, ఎడిటింగ్ ఎలా చేస్తారో చూపించడానికి అది మంచి అవకాశం. కాకపోతే ఆ 30 రోజుల్లో తప్పున్న వీడియోలు తీసేసి కొత్తవి పెట్టండి. తీసేటప్పుడు ఒక లెక్క మరవకండి. తీసిన వీడియో గంటలూ దాంతోపాటే పోతాయి, మళ్లీ అప్లై చేసే రోజుకు 4,000 నిండి ఉండాలి.

యాడ్‌సెన్స్ అకౌంట్ ఎవరి పేరు మీద తీయాలి?

డబ్బులు ఎవరి బ్యాంకులో పడాలో, ఎవరి పాన్ కార్డు ఇవ్వగలరో వాళ్ల పేరు మీద. ఈ మూడూ ఒకే మనిషివై ఉండాలి. యాడ్‌సెన్స్‌కు 18 ఏళ్లు నిండాలి కాబట్టి ఇంటర్ చదివే పిల్లలైతే అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో తీయాలి. తీసినాక ఆ ఆదాయం కాగితాల మీద వాళ్లదే అవుతుందని వాళ్లకు ముందే చెప్పండి. ఒక మనిషికి రెండు ఛానళ్లుంటే రెండిటినీ ఒకే యాడ్‌సెన్స్‌కు కలపొచ్చు. అకౌంట్ ఇదివరకే ఉన్న సంగతి మరిచిపోయి రెండోది తీస్తే అది తిరస్కరిస్తారు.

చిత్తూరు వైపు ఇంకో చిక్కుంది, ఇంటి పేరు బదులు తండ్రి పేరు ఇనీషియల్‌గా పెట్టుకోవడం. పాస్‌బుక్‌లో "ఎం. వెంకటేశ్", పాన్‌లో "మునిరత్నం వెంకటేశ్", ఆధార్‌లో "వెంకటేశ్ ఎం". చూడ్డానికి ఒకటే, కంప్యూటర్‌కు ముగ్గురు. యాడ్‌సెన్స్‌లో పాన్ మీద ఉన్నట్టు అక్షరం అక్షరం రాయండి, బ్యాంకులో పేరును దానికి తగ్గట్టు మార్పించుకోండి. బ్యాంకులో ఒక ఫారం రాసిస్తే అయ్యే పని ఇది. డబ్బులు వెనక్కి తిరిగిపోయాక చేయడం కంటే ముందే చేసుకోవడం మేలు. అకౌంట్ తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశం, వ్యక్తిగతమా వ్యాపారమా అన్నది తర్వాత మార్చలేరు. మామూలుగా మనవాళ్లకు `Individual` సరిపోతుంది.

పిన్ ఉత్తరం అంటే ఏంటి? నాకింకా రాలేదు.

మీ అకౌంట్‌లో పది డాలర్లు దాటగానే గూగుల్ మీ చిరునామాకు మామూలు పోస్టులో ఒక ఉత్తరం పంపుతుంది. అందులో ఆరంకెల పిన్ ఉంటుంది. దాన్ని యాడ్‌సెన్స్‌లో వేస్తే, మీరిచ్చిన చిరునామాలో మీరు నిజంగా ఉన్నారని తేలినట్టు. రిజిస్టర్డ్ పోస్టు కాదు కాబట్టి సంతకం, ట్రాకింగ్ ఏమీ ఉండవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

గుడిపాల కుర్రాడి మొదటి ఉత్తరం రాలేదు. చిరునామా తెరిచి చూస్తే ఊరి పేరు, జిల్లా పేరు, అంతే. మండలం లేదు, పోస్టాఫీసు పేరు లేదు. పైగా ఆ ఊళ్లో అతన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, పోస్ట్‌మ్యాన్‌కు తెలిసింది వాళ్ల నాన్న పేరు. రెండో వరుసలో "సన్ ఆఫ్" అని నాన్న పేరు రాసి, గ్రామం, పోస్టు, మండలం, ఆరంకెల పోస్టల్ కోడ్ అన్నీ పెట్టి మళ్లీ పంపమని నొక్కాం. మూడో వారంలో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని పాల కేంద్రంలో ఇచ్చి వెళ్లాడట.

మూడుసార్లు తప్పు పిన్ వేసినా, మొదటి పిన్ పంపిన నాలుగు నెలల్లో వేయకపోయినా యాడ్స్ ఆగిపోతాయి. తిరుపతిలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, హాస్టల్ పిల్లలు సొంతూరి చిరునామా ఇవ్వడమే మంచిది. "పిన్ నేను తెప్పిస్తా, వెయ్యి రూపాయలివ్వు" అనేవాడికి పైసా ఇవ్వకండి. అది వచ్చేది మీ ఇంటికే.

బ్యాంకు వివరాల్లో స్విఫ్ట్ కోడ్ అడుగుతోంది. మా బ్రాంచికి లేదంటున్నారు.

చిన్న బ్రాంచీలకు ఉండదు. విదేశీ డబ్బులు తీసుకునే పెద్ద బ్రాంచికి ఉంటుంది, మీ బ్యాంకుకే చెందిన ఆ కోడ్ వాడుకోవచ్చు. ఎనిమిది లేదా పదకొండు అక్షరాలు. ఐఎఫ్‌ఎస్‌సీ మాత్రం మీ బ్రాంచిదే రాయాలి. నెట్‌లో వెతికి దొరికిన కోడ్ పెట్టకుండా, మీ బ్యాంకులో అడిగి కాగితం మీద రాయించుకోండి. మొదటిసారి డబ్బులొచ్చినప్పుడు ఇవి దేనివని బ్యాంకు ఫోన్ చేయొచ్చు. యాడ్‌సెన్స్‌లోని పేమెంట్ రసీదు చూపిస్తే సరిపోతుంది. డాలరు రేటు బ్యాంకుది, ఛార్జీలూ వాళ్లవే. గూగుల్‌లో కనిపించే రేటుతో గుణించి టెన్షన్ పడకండి.

వంద డాలర్లు దాటాయి. ఎప్పుడు పడతాయి?

ఒక నెల సంపాదన మరుసటి నెల 7 నుంచి 12వ తేదీల మధ్య ఖరారై యాడ్‌సెన్స్‌లోకి వస్తుంది. అప్పటికి మొత్తం వంద డాలర్లు దాటి ఉండి, పిన్, పన్ను ఫారం, బ్యాంకు ఏదీ పెండింగ్ లేకపోతే అదే నెల 21 నుంచి 26 మధ్య పంపుతారు. పెండింగ్ పనులు 20వ తేదీలోపు ముగించుకోవాలి, లేదంటే పై నెలకు పోతుంది.

గుడిపాల కుర్రాడికి అక్టోబరు సగంలో మానిటైజేషన్ వచ్చింది. ఆ నెల మిగిలిన రోజులకు 9 డాలర్లు. నవంబరులో 21, డిసెంబరులో 24, జనవరిలో 28, ఫిబ్రవరిలో 30. మొత్తం 112. ఫిబ్రవరి లెక్క మార్చి రెండో వారంలో ఖరారైంది, డబ్బులు మార్చి ఆఖరి వారంలో చేతికొచ్చాయి. అంటే సెప్టెంబరులో అప్లై చేసినవాడు ఆరు నెలలకు మొదటి రూపాయి చూశాడు. చిన్న ఛానళ్లకు ఇంత సమయం మామూలే. ఈ మధ్యలో ఈఎంఐ మీద కెమెరా కొనొద్దని నా మాట.

మానిటైజేషన్ వచ్చింది, వ్యూస్ ఉన్నాయి, యాడ్ డబ్బులు సున్నా అనేవాళ్లు `Earn` పేజీలో ఒప్పందాలు చూడండి. మామూలు వీడియోలకు ఒకటి, షార్ట్స్‌కు ఒకటి విడివిడిగా ఉంటాయి. షార్ట్స్ ఒప్పందాన్ని అంగీకరించని రోజుల వ్యూస్‌కు తర్వాత వెనక్కి లెక్కేసి ఇవ్వరు.

నేను చిత్తూరులో ఉన్నాను. అమెరికా పన్ను వివరాలు నన్నెందుకు అడుగుతున్నారు?

ఎందుకంటే గూగుల్ అమెరికా కంపెనీ, మీ వీడియోలు చూసేవాళ్లలో అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చే మీ ఆదాయాన్ని అక్కడి చట్టం రాయల్టీగా చూస్తుంది. దాని మీద పన్ను పట్టుకుని అక్కడి ప్రభుత్వానికి కట్టే బాధ్యత గూగుల్‌ది. 2021 మార్చిలో చెప్పి, ఆ ఏడాది జూన్ నుంచి పట్టుకోవడం మొదలుపెట్టారు. మీరు అమెరికా వాళ్లు కాదని, భారతదేశంలో పన్ను కట్టేవాళ్లని రాసిస్తేనే తక్కువ పట్టుకుంటారు. ఆ రాసిచ్చేదే ఫారం `W-8BEN`.

"నావి తెలుగు వీడియోలు, అమెరికాలో ఎవరు చూస్తారు" అంటారు. మన ఇళ్లలో ఒకరైనా అక్కడ లేనివాళ్లెవరు? ఆవుల ఛానల్‌కే 112 డాలర్లలో ఎనిమిది అక్కడివి. టెక్సాస్‌లో కూర్చుని ఊరి దూడలను చూసుకునేవాళ్లుంటారు మరి.

ఆ ఎనిమిది డాలర్లతోనే లెక్క చూద్దాం. ఫారం ఇచ్చి, భారత్ అమెరికా మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం తగ్గింపు కోరితే 15 శాతం, అంటే ఒక డాలరు 20 సెంట్లు. ఫారం ఇచ్చినా తగ్గింపు కోరకపోతే 30 శాతం, రెండు డాలర్ల 40 సెంట్లు. రెండిట్లోనూ పన్ను ఆ ఎనిమిది మీదే, మన దేశంలో చూసినవాటి మీద లేదు. అసలు ఫారమే ఇవ్వకపోతే పద్ధతి మారిపోతుంది. మీరెవరో తెలియదు కాబట్టి ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలో 24 శాతం దాకా పట్టుకోవచ్చు. 112లో దాదాపు 27 డాలర్లు. "అమెరికాకు నా వివరాలెందుకివ్వాలి" అని పంతం పట్టినవాళ్లకు ఈ మూడు అంకెలు వరుసగా రాసి చూపిస్తాను. తర్వాత మాట్లాడరు.

ఆ ఫారం ఎలా నింపాలి?

యాడ్‌సెన్స్‌లో పేమెంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే `United States tax info` అని ఉంటుంది. అది మీ ఫోన్‌లో మీరే నింపాలి, ఎవరికో పాస్‌వర్డ్ ఇచ్చి నింపించుకోవద్దు. వ్యక్తి అని, అమెరికా పౌరుడు కాదని చెప్పాక `W-8BEN` వస్తుంది. పేరు పాన్‌లో ఉన్నట్టే. `Foreign TIN` అన్నచోట మీ పాన్ నంబరు. అమెరికా టిన్ అడిగే గడి ఖాళీగా వదిలేయొచ్చు. శాశ్వత చిరునామా దగ్గర పోస్ట్ బాక్స్ నంబరు పెట్టకూడదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒప్పందం దగ్గర. తగ్గింపు కోరుతున్నారా అన్న ప్రశ్నకు అవునని చెప్పి దేశం ఇండియా ఎంచుకోవాలి. చాలామంది అర్థంకాక కాదని నొక్కి 30 శాతం కడుతుంటారు. రాయల్టీ వరుసల్లో ఒప్పందపు ఆర్టికల్ 12, రేటు 15 శాతం ఎంచుకోవాలి. తర్వాత, అమెరికాలో ఉండి పనిచేశారా అని అడుగుతుంది. ఇక్కడే షూట్ చేసుకుంటుంటే లేదని చెప్పండి. చివర సంతకం చోట మీ పూర్తి పేరు టైపు చేయాలి. ఆమోదం వచ్చాక అదే పేజీలో 15 శాతం కనిపిస్తోందో లేదో చూసుకోండి. 30 కనిపిస్తే మళ్లీ నింపి పంపొచ్చు.

ఈ ఫారానికి గడువుంది. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో ఏడాది డిసెంబరు 31 దాకా చెల్లుతుంది. 2025లో ఇస్తే 2028 చివరిదాకా. మళ్లీ ఇమ్మని గూగుల్ మెయిల్ పంపుతుంది, దాన్ని స్పామ్ అనుకుని వదిలేయకండి. నిజమైనదో కాదో అనుమానమైతే మెయిల్‌లోని లింకు నొక్కకుండా నేరుగా యాడ్‌సెన్స్ తెరిచి చూడండి. నిజమైతే అక్కడా అదే హెచ్చరిక ఉంటుంది.

మరి మన దగ్గర కూడా పన్ను కట్టాలా?

అమెరికాలో పట్టుకున్నారు కదా అని ఇక్కడ చూపించకుండా ఉండకూడదు. యూట్యూబ్ ఆదాయం మొత్తం మన రిటర్న్‌లో చూపించాలి. రోజూ చేసే పనైతే వ్యాపార ఆదాయం కింద వస్తుంది. మీకు పన్ను పడే అంత ఆదాయం ఉంటే, అమెరికాలో పట్టుకున్న దాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకునే వీలుంది. అందుకు ఆధారం గూగుల్ ఏటా ఇచ్చే `1042-S` కాగితం. యాడ్‌సెన్స్‌లోనే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసి ఆడిటర్‌కు ఇవ్వండి. జీఎస్టీ ప్రశ్న ఏడాదికి 20 లక్షల రాబడి దాటితే వస్తుంది. అక్కడిదాకా వెళ్లినవాళ్లు మా షాపుకు రారు, నేరుగా ఆడిటర్ దగ్గరికే పోతారు.

ఒకసారి వచ్చిన మానిటైజేషన్ మళ్లీ పోతుందా?

గంటలు 4,000 కంటే తగ్గినంత మాత్రాన పోదు. ఆ లెక్క లోపలికి రావడానికే. కానీ ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం వీడియో గానీ పోస్టు గానీ పెట్టకుండా వదిలేస్తే తీసేసే హక్కు యూట్యూబ్‌కు ఉంది. పంట కాలమో, పెళ్లిళ్ల సీజనో వచ్చి వీడియోలు ఆపాల్సి వస్తే నెలకొకటైనా పెట్టండి. గుడిపాల కుర్రాడు ఈ మధ్య నాలుగు నెలలు ఆపేశాడు, ఇంట్లో రెండు ఆవులు ఒకేసారి ఈనాయి. ఫోన్ చేసి గుర్తుచేస్తే ఆ దూడల వీడియోనే పెట్టాడు.